'పాపా' అన్న పెదాల మీద 'నాన్నా' ఎలా పెట్టాలి?

సీతమ్మధార కుర్రాడు: కాన్పూర్‌లో ఉండే స్నేహితుడు తీసిన హిందీ షార్ట్ ఫిల్మ్‌కి తెలుగు మాటలు రాస్తున్నాను. రికార్డింగ్ ఇక్కడే వైజాగ్‌లో, మా గదిలో, కిటికీలకి దుప్పట్లు కట్టి. ఒక్క డైలాగు దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. ఇంట్లో డబ్బు తీసిన కొడుకు తండ్రితో అంటాడు: "ముఝే మాఫ్ కర్ దో, పాపా." 'పాపా' అనేసరికి మొహం తెర నిండా ఉంటుంది. "క్షమించండి నాన్నా" అని ఎవరింట్లో ఎవరంటారు? "తప్పైపోయింది నాన్నా" అంటే మన మాటలా ఉంది. కానీ చివర్లో వాడి పెదాలు రెండుసార్లు గట్టిగా కలుస్తాయి, వినపడేదేమో 'నాన్నా'. పోనీ 'పాపా' అనే ఉంచెయ్యనా?

గాజువాక మాస్టారు: వద్దు బాబూ. పాపా అంటే మనకి ఆడపిల్ల. మీసాలున్న తండ్రిని పట్టుకుని పాపా అంటే ఏడవాల్సిన చోట నవ్వుతారు. అక్షరాలు లెక్కపెట్టు చాలు. ము-ఝే-మాఫ్-కర్-దో-పా-పా, ఏడు. నన్-ను-క్ష-మిం-చు-నాన్-నా, ఏడు. ఇంక పేచీ ఏముంది?

పెందుర్తి: ఇంత గొడవెందుకు, కింద అక్షరాలు వేసెయ్యండి. మా మనవరాలు కొరియా సీరియళ్లు అలాగే చూస్తుంది.

సీతమ్మధార కుర్రాడు: చూపించేది మా ఊళ్లో పెద్దవాళ్లకండీ. చదివేలోపు బొమ్మ వెళ్లిపోతుంది.

మద్దిలపాలెం రచయిత: మాస్టారూ, లెక్క అవసరమే. నోరు మూసుకున్నాక మాట వినిపిస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. కానీ డబ్బింగ్ సీరియళ్లు రాసిన అనుభవంతో చెబుతున్నాను, చూసేవాళ్ల కన్ను ముందు పట్టుకునేది ప, బ, మలని. పెదాలు పూర్తిగా కలవకుండా అవి పలకవు. త, న, ల, క లాంటివి నాలుక పని, నోటి లోపల జరిగిపోతుంది. ఒకదాని బదులు ఇంకోటి వేసినా పెద్దగా తెలియదు. మన 'నాన్న'లో పెదాలు ఒక్కసారి కూడా కలవవు, అదే చిక్కు. ఇదే డైలాగు తల్లితో అంటే 'అమ్మా' మనల్ని సగం గట్టెక్కించేది. తమ్ముడూ, సౌండ్ ఆపేసి ఆ ముక్క పదిసార్లు చూడు. పెదాలు కలిసిన చోట్లు, షాటు మారిన చోట్లు రాసిపెట్టు.

కరీంనగర్ కోడలు: మా పుట్టింట్లో తండ్రిని బాపూ అనే పిలుస్తం. "నన్ను మాఫ్ చెయ్యి బాపూ." ఏడక్షరాలు, 'మాఫ్' ఉన్న చోటే ఉంది, పా-పా చోట బా-పూ. ఇంకేం కావాలె?

గాజువాక మాస్టారు: కాన్పూర్ కుర్రాడు కరీంనగర్ మాట ఎందుకు మాట్లాడతాడమ్మా?

కరీంనగర్ కోడలు: మరి బెజవాడ మాట ఎందుకు మాట్లాడుతడు మాస్టారూ?

మద్దిలపాలెం రచయిత: దీనికి నా దగ్గర జవాబు లేదు. పెదాలకి ఆవిడ చెప్పినదాన్ని మించింది దొరకదు. కాకపోతే సినిమా మొత్తం ఆ యాసలోనే రాయాలి. ఒక్క డైలాగుకే తెస్తే అతుకు కనబడుతుంది.

సీతమ్మధార కుర్రాడు: చూశానండీ. "ముఝే మాఫ్" వరకు వాడి వీపే. "కర్ దో" దగ్గర మొహం తిప్పుతాడు. "పాపా" అనగానే తండ్రి మొహం మీదకి కట్.

మద్దిలపాలెం రచయిత: అయితే బతికిపోయావు. పిలుపుని ముందుకి జరుపు: "నాన్నా... తప్పైపోయింది." వీపు కనిపించేటప్పుడు 'నాన్నా' అయిపోతుంది. 'త' అనేసరికి వాడు మొహం తిప్పుతాడు. 'ప్పై', 'పో' సరిగ్గా పా-పా మీద పడాలి. మిగిలిన 'యింది' తండ్రి షాటు మీదకి జారిపోతుంది. అక్కడ కొడుకు నోరు కనబడదు కాబట్టి ఎంత సాగినా ఫర్వాలేదు, గొంతు పూడుకుపోయినట్టు పలికించు.

సీతమ్మధార కుర్రాడు: రాత్రి చేసి చూశాను. పెదాలు కలిసే చోట్లు బాగానే కుదిరాయి. రెండు తేడాలు కనిపించాయి. 'పో' అనేటప్పుడు పెదాలు గుండ్రంగా రావాలి, తెర మీద వాడి నోరు వెడల్పుగా తెరుచుకుంది. ఇంకోటి, 'పాపా' అంటూ కనుబొమలు ఎత్తుతాడు, పిలుస్తున్నట్టు. మన మాటలో పిలుపు అప్పటికే అయిపోయింది.

మద్దిలపాలెం రచయిత: మొదటిది వదిలెయ్, అంత సేపు నిలిచే షాటు కాదు. రెండోదే నాకూ గుచ్చుకుంటోంది. 'తప్పై' దగ్గర గొంతు పైకి ఎత్తి అడుగుతున్నట్టు పలికితే కొంత సర్దుకోవచ్చు. పూర్తిగా కాదు.

గాజువాక మాస్టారు: అందుకే చివర 'నాన్నా' అనే ఉండాలన్నాను. పెదాలు పోతే పోనీ, ఆ పిలుపు పోకూడదు.

సీతమ్మధార కుర్రాడు: రెండు టేకులూ మా అమ్మకి చూపించాను మాస్టారూ. మీ పక్షమే. చివర్లో 'నాన్నా' ఉన్నదే బాగుందంది. పెదాల తేడా తనకి అసలు కనపడలేదట.

మద్దిలపాలెం రచయిత: దేంట్లో చూశారు, ఫోన్లోనా? ఒకసారి గోడ మీద ప్రొజెక్టర్ వేసి చూపించి, అప్పుడు అడుగు.