అప్‌డేట్: కావలిలో అమ్మ స్నానాలగది

నేను అడిగింది: “అమ్మకు మోకాళ్ల నొప్పులు. కింద ఆమె పడకగదికి ఆనుకుని 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవుతో స్నానాలగది వస్తుంది. గడప లేకపోతే నీళ్లు పడకగదిలోకి రావా?”

రావడం లేదు. మీరు చెప్పినట్టే గడప మానేసి, స్నానం చేసే మూలకు నాలుగు అడుగులకు అంగుళం చొప్పున వాలు పెట్టించాను. టైల్స్ సిమెంటు గట్టిపడకముందే మేస్త్రి చిన్న గోళీ వదిలి చూపించాడు. అది తలుపువైపు దొర్లింది! రెండు వరుసలు పీకి మళ్లీ వేశాడు. ఆ రోజు చూడకపోతే నీళ్లు అమ్మ మంచం కిందికే వచ్చేవి.

తలుపు బయటికి తెరుచుకుంటుంది. లోపల పడిపోతే, లోపలికి తెరిచే తలుపుకు మనిషే అడ్డమవుతారు కదా. కమోడు పక్కన స్టీలు పట్టుకమ్మీ బోల్టులు టైలు, ప్లాస్టరు దాటి ఇటుకలోకి దిగాయి. ముందు నేనే బరువంతా వేసి వేలాడాను, కదల్లేదు. నిన్న అమ్మ ఎవరినీ పిలవకుండా లేచి వచ్చింది.