అప్‌డేట్: జనవరిలో మాయమైన అమ్మకాలు దొరికాయి

నా ప్రశ్న: జనవరి 1 రిఫ్రెష్ తర్వాత మా భీమవరం రొయ్యల మేత డిపో రిపోర్టులో ఏప్రిల్–డిసెంబర్ అమ్మకాలు సున్నా అయ్యాయి. ఎందుకు?

తప్పు నాదే. రిఫ్రెష్ ఫిల్టర్‌లో `YEAR(GETDATE())` పెట్టాను. మా లెక్కల ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది కదా! ఇప్పుడు తేదీని మూడు నెలలు వెనక్కి జరిపి ఏడాది తీస్తున్నాను:

```sql
YEAR(DATEADD(month, -3, @d))
```

2025 జనవరి 5 ఇస్తే 2024 వస్తుంది, అంటే 2024 ఏప్రిల్ 1 నుంచి లోడ్ అవుతుంది.

వారం దగ్గర ఇంకో మెలిక ఉంది. మా వారం సోమవారం మొదలు. 2025 ఏప్రిల్ 1 మంగళవారం. ఆ రోజు ఏడాది మొదలు నుంచే లోడ్ చేస్తే, మార్చి 31 సోమవారం బిల్లులు ఆలస్యంగా ఎక్కినా రిపోర్టుకు రావు, వారం మొత్తం తక్కువ చూపిస్తుంది. గుమస్తా గారు చేత్తో కూడితే తేడా బయటపడింది. అందుకే ఏడాది మొదలు, వారం మొదలు రెండింటిలో ముందున్న తేదీ నుంచి లోడ్ చేస్తున్నాను. ఏడాది మొత్తాలకు మాత్రం మార్చి 31 పాత ఏడాదిలోనే ఉంటుంది.