పసిబిడ్డ పాలు, నిద్ర, మందుల టైములు: అన్నీ రాయాలా, కొన్ని రాస్తే చాలా?

హనుమకొండ నాన్న

మా పాప 36 వారాలకే పుట్టింది. ఇప్పుడు 12 రోజులు. పుట్టినప్పటి బరువు 2 కిలోల 300 గ్రాములు. నా భార్య జమ్మికుంట దగ్గర తల్లిగారింట్లో ఉంది, నేను డ్యూటీ వల్ల ఇక్కడే ఉన్నాను. డిశ్చార్జ్ చేసేటప్పుడు "పాలకు పాలకు మధ్య మూడు గంటలు దాటొద్దు, విటమిన్ డి చుక్కలు రోజూ వేయండి" అన్నారు. అందుకని ఇద్దరి ఫోన్లలో ఒక యాప్ వేసుకుని పాలు, నిద్ర, మందు అన్నీ ఎక్కిస్తున్నాం. రెండు గంటలకోసారి అలారం పెట్టాం. పాప అప్పుడే తాగి పడుకున్నా అది మోగుతుంది. నా భార్యకు ఏడుపొస్తోంది. అత్తమ్మ అన్నీ తీసేయమంటోంది. తీసేయొచ్చా? లేక ఏవి ఉంచాలి?

పరకాల పెద్దమ్మ

తీసేయి నాయనా. నలుగురు పిల్లలను పెంచాను, ఎవరికీ గడియారం చూసి పాలు పట్టలేదు. ఆకలైతే బిడ్డ ఏడుస్తుంది, ఏడిస్తే తల్లి పడుతుంది. బాలింతకు నిద్ర లేకపోతే పాలెక్కడి నుంచి వస్తాయి? చుక్కల మందుకు కూడా అలారం ఎందుకు, నీళ్ళు పోసిన వెంటనే వేస్తే రోజూ అదే గుర్తుంటుంది.

మడికొండ టెకీ

పెద్దమ్మా, మీ మాట కాదనను కానీ గుర్తు మీద ఆధారపడితే రాత్రిపూట అన్నీ కలిసిపోతాయి. అన్నా, యాప్ తీయొద్దు. మా బాబుకు పాలు, నిద్ర నిమిషాలతో సహా ఎక్కించాం. రెండు నెలలకల్లా సాయంత్రం ఏ టైముకు చికాకు పడతాడో ముందే తెలిసేది. తప్పు యాప్‌ది కాదు, అలారం సెట్టింగ్‌ది. రెండు గంటలను మూడు చేయండి, సరిపోతుంది. మీరు ఇక్కడి నుంచే చూసుకోవచ్చు కూడా, ఆమెకు సగం భారం తగ్గుతుంది.

మంచిర్యాల సుజాత

పన్నెండు రోజుల పాపకు నిద్ర టైములు అలవాటు చేయడం ఇప్పుడే కుదరదండి. మా పాపకు మూడో నెల దాటాకే రాత్రి, పగలు తేడా తెలిసింది. తొందరపడకండి.

హనుమకొండ నాన్న

సుజాత గారూ, నిద్ర అలవాటు చేయాలని కాదు. ఎప్పుడు తాగింది, మందు వేశారా లేదా, ఇవి మరిచిపోకుండా ఎట్లా అనేదే మా బాధ.

ఎస్‌ఎన్‌సీయూ సిస్టర్

తమ్మీ, నేను ప్రభుత్వ ఆసుపత్రిలో నవజాత శిశువుల వార్డులో పనిచేస్తాను. మీరు మూడింటినీ ఒకే గాటన కట్టారు, టెన్షన్ అక్కడి నుంచే వస్తోంది. ఈ మూడు వేర్వేరు పనులు.

ముందు పాల సంగతి. పెద్దమ్మ చెప్పింది నెలలు నిండి, మంచి బరువుతో పుట్టిన బిడ్డకు నిజం. 36 వారాల బిడ్డ వేరు. ఆకలైనా లేవకుండా నిద్రపోతుంది, అందుకే మనమే లేపాలి. బరువు తగ్గిన కొద్దీ ఇంకా మత్తుగా పడుకుంటుంది. ఇంట్లో వాళ్ళేమో "బంగారు తల్లి, అసలు ఏడవదు" అని సంబరపడతారు. మా దగ్గరికి తిరిగి వచ్చే బిడ్డల్లో ఇట్లాంటి వాళ్ళను చాలామందిని చూస్తాను. కాబట్టి మూడు గంటల హద్దు ఉండాల్సిందే, అలారాన్ని పూర్తిగా తీసేయొద్దు.

అయితే గడియారానికి కట్టిన అలారం వద్దు. ఫోన్‌లో టైమర్ పెట్టండి. బిడ్డ రొమ్ము పట్టగానే మూడు గంటలకు టైమర్ నొక్కాలి. ఒక రాత్రి లెక్క చెబుతాను. 9:40కి పాలు మొదలైతే టైమర్ 12:40కి మోగాలి. కానీ పాప 11:50కే లేచింది, పాలు పట్టారు, టైమర్ మళ్ళీ మొదటి నుంచి పెట్టారు. ఇక అది 2:50 దాకా మోగదు. అదే మీ పాత పద్ధతిలో అయితే 12 గంటలకు, పది నిమిషాల కిందటే రొమ్ము పట్టిన బిడ్డ మీద మోగుతుంది. రోజుకు 8 నుంచి 12 సార్లు తాగే బిడ్డ చాలాసార్లు తనంతట తానే లేస్తుంది కాబట్టి టైమర్ రాత్రికి ఒకటో రెండో సార్లే మోగుతుంది. అది కూడా తల్లి ఫోన్‌లో వద్దు. మీ అత్తమ్మ ఫోన్‌లో పెట్టండి, ఆమె లేచి బిడ్డ గుడ్డ మార్చి, అరికాళ్ళు రుద్ది, మేలుకున్నాక తల్లిని లేపుతుంది.

మడికొండ టెకీ

సిస్టర్, టైమర్ పాయింట్ ఒప్పుకుంటాను. కానీ ఎన్ని నిమిషాలు తాగిందో ఎక్కించకపోతే సరిపడా తాగిందని ఎట్లా తెలుస్తుంది?

ఎస్‌ఎన్‌సీయూ సిస్టర్

నిమిషాలతో తెలియదు బాబూ. ఇట్లాంటి బిడ్డ రెండు నిమిషాలు చప్పరించి, నోట్లో రొమ్ము పెట్టుకునే నిద్రపోతుంది. మీ యాప్‌లో మాత్రం 25 నిమిషాలు పాలు అని పడుతుంది. గుటక వేస్తున్న చప్పుడు వినబడాలి. దాని తర్వాత నమ్మాల్సింది తడి గుడ్డలను. ఐదో రోజు దాటాక రోజుకు కనీసం ఆరు సార్లు ఉచ్చ పోయాలి, దొడ్డికి పసుపు రంగులోకి మారి ఉండాలి.

దీనికి రాత కూడా అవసరం లేదు. తడిసిన గుడ్డలన్నీ ఒక వేరే బకెట్లో వేయండి. పొద్దున ఉతికే ముందు లెక్కపెట్టండి. ఆరుకు తగ్గకపోతే రాత్రి ఎవరెన్ని నిమిషాలు తాగించారనే చర్చే ఉండదు. డైపర్ వేస్తే ఈ లెక్క కుదరదు, రెండుసార్లు పోసినా ఒకటిగానే కనబడుతుంది, అందుకని ఈ కొన్నాళ్ళు గుడ్డలే మేలు.

లెక్క తగ్గినా, వరుసగా రెండు పాలకు ఎంత లేపినా లేవకపోయినా, అరచేతులు, అరికాళ్ళు పచ్చబడినా ఇక టైమర్ చూస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి.

పెద్దమ్మా, ఒక్క మాట. ఈ బరువు బిడ్డకు రోజూ నీళ్ళు పోయడం మేము వద్దంటాం, ఒళ్ళు చల్లబడుతుంది. పొద్దున తడి గుడ్డతో తుడిచి బట్టలు మార్చిన తర్వాత చుక్కలు వేయమనండి. మీరు చెప్పినట్టు ఒక పనికి ముడిపెట్టడం మాత్రం సరైన పద్ధతే.

పరకాల పెద్దమ్మ

నీళ్ళ సంగతి నాకు తెలియదు బిడ్డా, మా కాలంలో పదకొండో రోజు నుంచే పోసేవాళ్ళం. చిన్న బిడ్డ కాబట్టి నువ్వు చెప్పినట్టే కానీయండి. కానీ ఆ అమ్మాయిని మాత్రం కాసేపు పడుకోనివ్వండి.

నర్సంపేట కోడలు

మందు విషయంలో మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా బాబుకు ఆరు వారాల టీకా వేయించినప్పుడు ఆ సాయంత్రం ఒళ్ళు కాలింది. డాక్టర్ రాసిన పారాసెటమాల్ చుక్కలు నేను వేసి, బాబు పక్కనే పడుకున్నాను. మా అత్తమ్మ పక్క గదిలోంచి వచ్చి, వేయలేదేమో అనుకుని సీసా చేతిలోకి తీసుకున్నారు. సీసాకు తెల్ల ప్లాస్టర్ అంటించి దాని మీద పెన్నుతో "5:20, అర ఎం.ఎల్." అని రాసి ఉంది. అది చూసి ఆగిపోయారు. యాప్‌లో రాసి ఉంటే ఆమెకు కనబడేది కాదు, నా ఫోన్ నా తల కింద ఉంది. సీసా పట్టుకోకుండా ఎవరూ మందు వేయలేరు కదా, అందుకే టైము సీసా మీదే ఉండాలి.

ఎస్‌ఎన్‌సీయూ సిస్టర్

ఇది అందరూ చేయాల్సిన పని. వేసిన మనిషే, వేసిన నిమిషంలోనే రాయాలి. టైముతో పాటు ఎం.ఎల్. కూడా ఉండాలి, ఎందుకో చెబుతాను. పారాసెటమాల్ చుక్కల మందులో మామూలుగా 1 ఎం.ఎల్.కు 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్‌లో 5 ఎం.ఎల్.కు 120 లేదా 125. అంటే చుక్కల మందు నాలుగింతలు గాఢం. సిరప్‌కు చెప్పిన కొలతతో చుక్కలు వేస్తే నాలుగింతల డోసు పడుతుంది. విటమిన్ డి కూడా అంతే. బిడ్డకు రోజుకు 400 యూనిట్లు కావాలి. కొన్ని సీసాల్లో అది 1 ఎం.ఎల్.లో వస్తుంది, కొన్నింటిలో అర ఎం.ఎల్.లోనే వస్తుంది. సీసా అయిపోయి మెడికల్ షాపులో వేరే కంపెనీది ఇస్తే పాత కొలత పనికిరాదు, లేబుల్ చూసి ప్లాస్టర్ మీద మళ్ళీ రాయాలి. సీసాతో వచ్చిన డ్రాపరే వాడాలి.

ఇంకొకటి, టీకా వేయకుండానే రెండు నెలల లోపు బిడ్డకు జ్వరమొస్తే ఇంట్లో చుక్కలు వేసి చూద్దాం అనుకోవద్దు. నేరుగా చూపించాలి.

హనుమకొండ నాన్న

చాలా థాంక్స్ అక్కా. మరి నిద్ర? అది కూడా ఎక్కిస్తున్నాం.

ఎస్‌ఎన్‌సీయూ సిస్టర్

ఆపేయండి. ఈ వయసులో నిద్ర లెక్క ఏ డాక్టరూ అడగరు. పాలు సరిగా పడుతుంటే నిద్ర దానంతటదే సర్దుకుంటుంది. పాల టైమర్ కూడా ఎల్లకాలం కాదు. పాప పుట్టినప్పటి బరువు దాటి, రోజుకు 20 నుంచి 30 గ్రాముల లెక్కన పెరుగుతోందని డాక్టర్ చెప్పాక తీసేయొచ్చు. ఆశా వర్కర్ 14, 21, 28 రోజులకు ఇంటికి వస్తారు, బరువు తూచి కార్డులో రాయించుకోండి.

మడికొండ టెకీ

నిద్ర విషయంలో నేను ఒప్పుకోను. డాక్టర్ కోసం కాదు సిస్టర్, ఇంట్లో వాళ్ళ ధైర్యం కోసం. బాబు మొత్తం 15 గంటలు పడుకున్నాడని కళ్ళతో చూస్తే మాకు మనసు కుదుటపడేది.

నర్సంపేట కోడలు

మీకు కుదుటపడింది సరే అన్నా, ఎక్కించింది ఎవరు? మా ఆయన ఊరి నుంచి యాప్ చూసి "మూడున్నర గంటలైంది, ఇంకా పట్టలేదా" అని ఫోన్ చేసేవారు. పట్టి ఉంటాను, ఎక్కించడం మరిచి ఉంటాను. ఆ ఫోన్ వచ్చిన ప్రతిసారీ నేను తల్లిగా తప్పు చేసినట్టు అనిపించేది. హనుమకొండ అన్నా, ఆమె ఏడుపు అలారం వల్లేనా, మీ ఫోన్ల వల్ల కూడానా, ఒకసారి ఆమెనే అడగండి.

హనుమకొండ నాన్న

అడిగాను. రెండూ అంది. యాప్ రెండు ఫోన్లలో తీసేశాం. టైమర్ అత్తమ్మ ఫోన్‌లో ఉంది, సీసాకు ప్లాస్టర్ అంటించారు. పొద్దున బకెట్ లెక్క మాత్రం అత్తమ్మ నాకు వాట్సాప్‌లో వాయిస్ పెడతానంది. రోజూ నాకు చెప్పాలా వద్దా అని నా భార్య ఇంకా ఆలోచిస్తోంది. దూరంగా ఉన్నవాడిని, అదొక్కటైనా తెలియకపోతే నాకు ఉండబట్టదు.

నర్సంపేట కోడలు

ఆరు దాటితే చెప్పక్కర్లేదు, తగ్గితేనే ఫోన్ చేయమనండి.

మడికొండ టెకీ

దూరంగా ఉన్న నాన్నకు అది సరిపోదమ్మా. ఫోన్ రాలేదంటే అంతా బాగుందనుకోవాలా, లెక్కపెట్టడం మరిచారనుకోవాలా?