మండీలో విన్న మాట కవితలో పెడితే అది ఎవరిది?

వేరుశనగ పువ్వు (అనంతపురం):
నాలుగు నెలలుగా కక్కలపల్లి టమోటా మండీలో, టీ బంకుల దగ్గర విన్న మాటలు, అంగడి బోర్డుల మీద చూసినవి నోటుబుక్కులో రాసుకుంటున్నా. వాటితోనే కవితలు కట్టాలని. మాటను ఉన్నదున్నట్టే ఉంచాలా, దిద్దుకోవచ్చా? దిద్దకపోతే అందులో నాదేముంది?

బురుజు నీడ (కర్నూలు):
ఒక్క అక్షరం ముట్టుకోకండి. ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసి జేబులో వేసుకుని గంట తిరగండి, ఇంటికొచ్చి విన్నది విన్నట్టు ఎత్తి రాయండి, అదే కవిత. మన బ్రౌన్ దొర కడపలో ఉన్నప్పుడు సంతల్లో తిరిగి మాటలు ఏరుకునే కదా నిఘంటువు కట్టింది.

పాత సంచిక (కడప):
బ్రౌన్ విషయంలో మీరన్నది సగమే నిజం అన్నా. 1852 నాటి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువుకు ఆయన ఎక్కువగా ఆనుకున్నది రాతప్రతుల మీద, పండితుల మీద. వాడుక మాటను తోసేయలేదు, అది నిజం. కచేరీల్లో, వ్యాపారంలో నలిగే పరభాషా మాటలకు 1854లో మిశ్రభాషా నిఘంటువు విడిగానే వేశాడు. ఊరూరా తిరిగి పనివాళ్లను అడిగి రాసుకున్న మాటలు కావాలంటే భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తిపదకోశం చూడండి, 1962లో వచ్చిన మొదటి సంపుటం వ్యవసాయానిదే.

ఇక రికార్డింగ్. నేనూ చేసి చూశా. వేలంపాట నడిచేటప్పుడు ఆ అరుపుల్లో, బాక్సుల చప్పుడులో పక్కన మెల్లగా మాట్లాడే మనిషి గొంతు అసలు పడదు. పైగా చెప్పకుండా రికార్డు చేయడం నాకు మనసొప్పదు, చెప్పి చేస్తే ఆ మనిషి మాట మారిపోతుంది. చిన్న కాగితం, పెన్సిలు చాలు. కాకపోతే విన్న రెండు మూడు నిమిషాల్లో రాసుకోవాలి, సాయంత్రం దాకా ఆగితే మనకు గుర్తుండేది ఆయన చెప్పిన విషయమే గానీ ఆయన మాట కాదు.

అమ్మా, మీ పుస్తకంలోంచి ఒక్క మాట ఇక్కడ పెట్టండి.

వేరుశనగ పువ్వు:
ఒక రైతు, ఖాళీ బాక్సులు పేర్చుకుంటూ అన్నది: "కిరాయి కూడా రాలేదు, కాయలు ఇక్కడే పారబోసి వెళ్తున్నాను." దీని కింద నేను రాసుకున్నది: "ఆ ఎరుపు టమోటాలది కాదు, రైతు గుండె నెత్తురు."

పాత సంచిక:
ఇది ఆయన అన్న మాట కాదనిపిస్తోంది. రాత్రి ఇంటికెళ్లాక రాశారా? మన దిక్కు మండీకి కాయలు తోలుకొచ్చిన రైతు "కిరాయి" అంటాడా, "బాడుగ" అంటాడా? మనవాళ్ల నోట "వెళ్తున్నాను" ఎప్పుడు విన్నారు? మనం బడిలో నేర్చుకున్న తెలుగు మనకు తెలియకుండానే దిద్దేస్తుంది. ముందుగా పోయేది క్రియ చివర, ఆ తర్వాత పిలుపు. మీరు రాసిన దాంట్లో ఆయన ఎవరినీ పిలవలేదు, అంత బాధలో మనిషి ఎదుటివాణ్ణి పిలవకుండా ఉండడు.

వేరుశనగ పువ్వు:
సార్, నిజమే, రాత్రి పదికి రాశా. టీ తాగేటప్పుడు బస్సు టికెట్ వెనక ఏదో గీసిన గుర్తుంటే ఇప్పుడు బ్యాగంతా వెతికా. దొరికింది. "బాడుగ కూడా రాలేదప్పా, కాయలు ఈడనే పోసి పోతాండా." రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే సిగ్గేసింది.

పాత సంచిక:
సిగ్గెందుకమ్మా, అందరికీ జరిగేదే. "పోసి" చూడండి. మీరు "పారబోసి" చేశారు, అంటే చెత్త కింద లెక్క. ఆయన పారబోయడం లేదు, పోస్తున్నాడు, కళ్లంలో గింజలు రాశి పోసినప్పుడు వాడే మాటే అది. పంటను పారేస్తూ కూడా పంట పండినప్పటి మాటే వాడాడు. ఆ వెంటనే "పోతాండా". పోసి, పోతాండా, రెండూ ఒకే శబ్దంతో మొదలై ఆయనే కట్టినట్టు కుదిరాయి.

మీదేముంది అన్నారు కదా. రోజంతా విన్న వందల మాటల్లో దీన్ని పట్టుకోవడం మీది, ఎక్కడ విరవాలో తేల్చుకోవడం మీది. ఆ నెత్తురు పాదం మాత్రం కొట్టేయండి. ఆయన ఏడవలేదు, మీరు ఆయన తరఫున ఏడ్చారు. నేనైతే ఇలా విరుస్తా:

బాడుగ కూడా
రాలేదప్పా
కాయలు ఈడనే పోసి
పోతాండా

కుంచె పని (ప్రొద్దుటూరు):
నేను బోర్డులు రాసేవాణ్ణి, కవిని కాను. మీరు అంగడి బోర్డులు కూడా రాసుకుంటారు కాబట్టి చెప్తున్నా. ఓనరు కాగితం మీద రాసిచ్చింది, రేకు ఎంత వెడల్పుంటే అంతలో ఇమడ్చాలి. సుద్ద దారం కొట్టి అక్షరాలు లెక్కేసుకుంటా, అయినా ఒత్తులు, దీర్ఘాలు ఎక్కువుంటే చివర చోటు చాలదు, "జనరల్" పైన, "స్టోర్స్" కింద పడుతుంది. మీరు రాసుకునేటప్పుడు బోర్డును ఒకే వరుసలో రాసేస్తారు. ఎక్కడ విరిగిందో అక్కడే విరిచి రాసుకోండి, అది కూడా బోర్డే.

ఇంకోటి. నేను తప్పు రాసిన బోర్డు ఒకదాన్ని ఎవరో కవితలో పెట్టి అందరినీ నవ్వించారు. ఓనరు ఎట్ల రాసిచ్చాడో అట్లే రాశా, ఆయన చదువుకోలేదు. అంగడి పేరు కూడా పెట్టేశారు. చాలా బాధేసింది.

బురుజు నీడ:
అన్నా, పేరు తీసేసి తప్పును మాత్రం ఉంచితే?

కుంచె పని:
తప్పు ఎందుకొచ్చిందో తెలిసి ఉంచితే సరే. నవ్వడానికైతే వద్దు.

మేకల సంత (పత్తికొండ వైపు):
మా సంతలో మీకేం దొరకదు. ధర పైకి చెప్పరు, తువ్వాలు కింద దళారి, కొనేవాడు ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని బేరం చేస్తారు. మా నాయనతో పోయినప్పుడల్లా అరగంట నిలబడేవాణ్ణి, పైకి వినిపించేది వానలు, పెళ్లిళ్ల ముచ్చట్లే. అసలు మాట తువ్వాలు కిందే. దాన్ని ఎట్ల రాస్తారు?

పాత సంచిక:
పైన వానల ముచ్చట ఉన్నదున్నట్టు రాసి, మధ్యలో వేళ్లు ఎన్నిసార్లు కదిలాయో రాస్తే? నేను చేయలేదు, మీరు ప్రయత్నించి ఇక్కడ పెట్టండి.

వేరుశనగ పువ్వు:
ఒక చిక్కు మిగిలింది సార్. ఆ నాలుగు పాదాల కింద, వేరే నెలలో పాతూరులో ఒక టీ బంకు మీద చూసిన బోర్డు పెట్టాలని ఉంది: "నేడు నగదు / రేపు అరువు." కలిపితే ఆ రైతుకే ఎవరో అప్పివ్వనన్నట్టు చదువుతారు. అట్ల జరగలేదు.

పాత సంచిక:
పెట్టండి. వేర్వేరు చోట్ల దొరికినవి పక్కపక్కన పెట్టడమే ఇందులో మన పని.

బురుజు నీడ:
ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను సార్. క్రియ చివర మారితేనే ఆయన మాట కాదన్నారు, మరి ఆయనకు జరగని అవమానం ఆయనకు అంటగట్టడం దిద్దడం కాదా? మధ్యలో ఖాళీ వదిలి, "పాతూరు" అని చోటు పేరు పెట్టినా సగం సర్దుకుంటుంది.

పాత సంచిక:
చోటు పేరు పెడితే కవిత రిపోర్టు అవుతుందని నా భయం. కానీ మీరన్నదాన్ని కొట్టిపారేయలేను, ఆలోచించి రాస్తా.

వేరుశనగ పువ్వు:
నేను మళ్లీ మండీకి పోతున్నా. ఆయన కనిపిస్తే టికెట్ మీది మాట చదివి వినిపించి, కవితలో పెట్టనా అని అడుగుతా. ఊరు, పేరు రాయను. బోర్డు సంగతి కూడా ఆయన్నే అడగాలనిపిస్తోంది. కుంచె పని అన్నా, "నగదు" మీద విరిచింది ఆ బోర్డులో ఉన్నట్టే విరిచా, ఈసారి ఫోటో చూసి రాశా.