అప్‌డేట్: చివరికి 14 అంగుళాలే

నా ప్రశ్న: "రోజూ గాజువాక నుంచి రుషికొండకి బస్సులో వెళ్లాలి. 13, 14, 15.6 అంగుళాల్లో ఏ ల్యాప్‌టాప్ తీసుకోను?"

తెర వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:10 ఉన్న 14 తీసుకున్నాను. దీని తెర ఎత్తు 18.8 సెంటీమీటర్లు. 16:9 ఉన్న 15.6 తెర ఎత్తు 19.4. అంటే ఎక్సెల్‌లో అక్షరాల సైజు ఒకేలా ఉంచితే వరుసలు దాదాపు అన్నే కనిపిస్తాయి. వెడల్పు మాత్రం 4 సెంటీమీటర్లకు పైగా తక్కువ, కాబట్టి ఒళ్లో పెట్టుకున్నా పక్కవాళ్ల మోచేతికి తగలదు. 13లో చదవడానికి వీలుగా అక్షరాలు పెంచితే వరుసలు తగ్గిపోతున్నాయి, అందుకే వదిలేశాను.

బ్యాటరీకి అంగుళాలు కాదు, వాట్-అవర్లు చూడండి. 60 వాట్-అవర్ల బ్యాటరీ 8 వాట్ల వాడకానికి ఏడున్నర గంటలు వస్తుంది. కిటికీ పక్కన ఎండకి బ్రైట్‌నెస్ మొత్తం పెంచి, వాడకం 12 వాట్లకు చేరితే అదే బ్యాటరీ ఐదు గంటలే.