ఏవీఎల్ ట్రీలో తొలగింపు: పైకి వెళ్లడం ఎక్కడ ఆపాలి?

1 నుంచి 12 వరకు అంకెలున్న ఏవీఎల్ ట్రీ ఇది. కుండలీకరణాల్లో ముందున్నది ఎడమ బిడ్డ, ఖాళీకి `-`:

```
8(5(3(2(1,-),4),7(6,-)),11(10(9,-),12))
```

12ను తొలగిస్తే 11 దగ్గర కుడి రొటేషన్ సరిగానే జరిగి 10 పైకి వస్తోంది. కానీ ఆ భాగం ఎత్తు 3 నుంచి 2కు తగ్గడంతో, ఎడమవైపు ఎత్తు 4 ఉన్న మూలం 8లో తేడా +2గా మిగిలిపోతోంది. చేర్పు కోసం రాసుకున్న కోడ్‌నే వాడాను. అది మొదటి రొటేషన్‌తోనే ఆగిపోతుంది.

రొటేషన్ అవసరం లేని నోడ్ దగ్గర ఆపి చూశాను. అదే అసలు ట్రీలో 9ని తొలగిస్తే 10 దగ్గరే ఆగింది, 8లో మళ్లీ +2. ప్రతిసారీ మూలం వరకు వెళ్తే ఫలితం సరిగ్గా వస్తోంది గానీ, చాలాసార్లు ఆ నడక అనవసరమని నా అనుమానం.

రొటేషన్ జరిగినా జరగకపోయినా, ఉపవృక్షం ఎత్తు తొలగింపుకు ముందున్నంతే ఉంటే అక్కడ నిశ్చింతగా ఆగిపోవచ్చా?