నీడలో ఎండబెట్టాలా, ఆరబెట్టాలా? కేటలాగు చీర వివరణలో మాటల చిక్కు

చేనేత_కొట్టు: చేనేత చీరల కేటలాగును ఒకే మూసలోకి మారుస్తున్నాం. ప్రతి చీరకూ నాలుగు అరలుంటాయి: టైటిల్, కీ ఫీచర్స్, స్పెసిఫికేషన్స్, కేర్ ఇన్‌స్ట్రక్షన్స్. ఇప్పుడున్న వివరణలన్నీ ఇదిగో ఇలా ఒకే పేరాలో ఉన్నాయి:

"గద్వాల సంప్రదాయ వైభవాన్ని చాటే ఈ అచ్చమైన పట్టు చీర మెత్తటి నూలు బాడీతో, వెడల్పు జరీ అంచుతో, మెరూన్ రంగులో బ్లౌజుతో కలిపి ఆరు గజాలు. వేడుకలకు అనువైనది. చల్లటి నీళ్ళలో ఉతికి నీడలో ఎండబెట్టండి."

నాలుగు అరలకూ తెలుగు పేర్లు కావాలి. "నీడలో ఎండబెట్టండి" తప్పని ఒకరన్నారు, నిజమేనా?

తేటతెలుగు: తప్పే. ఎండబెట్టడంలో ఎండ ఉందిగా, నీడలో ఎండ ఎలా వస్తుంది? ఇక పేర్లు: శీర్షిక, ముఖ్య లక్షణాలు, నిర్దిష్టతలు, సంరక్షణ సూచనలు. బాడీ, బ్లౌజు లాంటి ఇంగ్లీషు మాటలు కూడా తీసేయండి.

పడుగుపేక: తేటతెలుగు గారూ, మీరు చెప్పిన మాట సరైనదే గానీ కారణం అది కాదు. "ఎండబెట్టు"లో ఉన్నది సూర్యుడి ఎండ కాదు, ఎండిపోవడంలోని "ఎండు" క్రియ. ఆరు నుంచి ఆరబెట్టు వచ్చినట్టే ఎండు నుంచి ఎండబెట్టు వచ్చింది. కాబట్టి నీడలో ఎండబెట్టడం వ్యాకరణానికి విరుద్ధమేమీ కాదు. తేడా వాడుకలో ఉంది. మిరపకాయలనూ వడియాలనూ చేపలనూ లోపలి చెమ్మ పూర్తిగా పోయేదాకా ఎండబెడతాం. తడిబట్ట పైతడి పోతే చాలు, ఆరబెడతాం. "ఎండబెట్టండి" అని చదివిన వాళ్ళు నీడ సంగతి మరిచి మేడ మీద వేసేస్తారు, రంగు వెలిసిందని చీర వెనక్కి వస్తుంది. "నీడలో ఆరబెట్టండి" అని రాయండి.

అరల పేర్లలో "లక్షణాలు" వద్దు. జబ్బు లక్షణాలు గుర్తొస్తాయి, "ప్రత్యేకతలు" అనండి. "నిర్దిష్టతలు" అంటే ఏమిటో కొనేవాళ్ళకు ఒక క్షణం తట్టదు. అందులో ఉండేవి పొడవూ పన్నా నూలూ జరీనే కాబట్టి "కొలతలు, వివరాలు" చాలు.

అచ్చుతప్పు: పేర్ల కంటే ముందు ఆ పేరాలో ఉన్న తగాదా తేల్చాలి. "అచ్చమైన పట్టు చీర" అంటూనే "నూలు బాడీ" అన్నారు. రెండూ నిజం కాలేవు. గద్వాల చీరల్లో పూర్తి పట్టువీ ఉన్నాయి, బాడీ నూలు, అంచూ కొంగూ పట్టు అయినవీ ఉన్నాయి. ఈ రెండో రకంలో అంచును బాడీకి మగ్గం మీదే కలుపుతారు, దాన్ని కుప్పడం అంటారు. మీది ఈ రకమే అనుకుంటా. పేరాగా ఉన్నప్పుడు ఈ వైరుధ్యం కళ్ళు కప్పి పోతుంది. మూసలో పెట్టగానే శీర్షికలో పట్టు, వివరాల్లో నూలు పక్కపక్కన నిలబడి పట్టించేస్తాయి.

రెండోది గజాలు. గజం 0.914 మీటరు, ఆరు గజాలంటే సుమారు 5.5 మీటర్లు. అది చీరకే సరిపోతుంది. దాదాపు 0.8 మీటరు బ్లౌజు ముక్క ఉంటే మొత్తం 6.3 కావాలి. "బ్లౌజుతో కలిపి ఆరు గజాలు" నిజమైతే చీర పొట్టిది, కాకపోతే లెక్క తప్పు. ఏది నిజమో టేపు పెట్టి చూడాలి.

చేనేత_కొట్టు: కొలిచాం. చీర 5.5, బ్లౌజు ముక్క 0.8. బాడీ నూలే, అంచూ కొంగూ పట్టు. మరి దేన్ని ఏ అరలో వేయాలో ఎలా తేల్చడం?

అచ్చుతప్పు: పేరాను ముందు ముక్కలు చేయండి, ముక్కకు ఒకే సంగతి. టేపు పెట్టి గానీ, లేబులు చూసి గానీ తేల్చగలిగితే అది వివరాల్లోకి. కొన్నాక కొన్నవాళ్ళు చేయాల్సిన పని అయితే చివరి అరలోకి. చూపుకీ చేతికీ తెలిసేది ప్రత్యేకతల్లోకి. ఈ మూడింటికీ చెందనిది ఎక్కడికీ వద్దు. "సంప్రదాయ వైభవాన్ని చాటే" అలా పోతుంది. అంకె ఒక్క అరలోనే ఉండాలి. ప్రత్యేకతల్లోనూ "5 అంగుళాల అంచు" అని రాస్తే రేపు ఒకచోట దిద్ది రెండోచోట మరిచిపోతారు.

ముక్కలు చేసేటప్పుడు విభక్తులు చూసుకోండి. "మెత్తటి నూలు బాడీతో" అని విడిగా పెడితే ఆ "తో" క్రియ లేక గాల్లో వేలాడుతుంది. "బాడీ మెత్తటి నూలు" అని తిప్పి రాయాలి.

ఊరగాయ_జాడీ: మాది ఆవకాయ. "జాగ్రత్తలు" అని పెట్టి "తడి చెంచా పెట్టకండి" అని రాశాం. మీరూ అదే పేరు పెట్టండి, సరిపోతుంది.

పడుగుపేక: ఆవకాయకు బాగుంటుంది, అసలు మీకు "నిల్వ" ఇంకా మేలు. చీరకు మాత్రం "జాగ్రత్తలు" అంటే ఏదో ప్రమాదం ఉన్నట్టు తోస్తుంది. "ఉతుకు, నిల్వ" పెట్టుకోండి.

ఈ చీరకు చల్లటి నీళ్ళ సూచనే తప్పు. ఉతికితే నూలు ఒకలా, పట్టు ఒకలా కుదించుకుపోతాయి, కుప్పడం దగ్గర ముడతలు పడతాయి. అంచు రంగు బాడీకి అంటుకునే ప్రమాదమూ ఉంది. వేరే నూలు చీర వివరణలోంచి ఆ వాక్యం నకలు చేసి ఉంటారు. ఇక్కడ "డ్రై క్లీనింగ్ చేయించండి" అని రాయాలి. "చేయండి" అంటే ఇంట్లో చేసుకోమన్నట్టు ఉంటుంది.

తేటతెలుగు: శీర్షికలో "మెరూన్ రంగు వెడల్పు జరీ అంచు గద్వాల నూలు చీర" బాగుంటుంది కదా? తెలుగు వరస అదే.

పడుగుపేక: మాట్లాడేటప్పుడు వరస అదే. ఫోనులో శీర్షిక సగానికి తెగితే "మెరూన్ రంగు వెడల్పు జరీ" దగ్గర ఆగిపోతుంది, అమ్మేది చీరో దుపట్టానో తెలియదు. మనకు అసలు నామవాచకం చివర్న వస్తుంది కాబట్టి దాన్ని ముందుకు లాగి, మిగతాది కామాల తర్వాత చెప్పాలి. "వెడల్పు" కూడా తికమకే, చీరదా అంచుదా? చీరకు పన్నా అనే మాట ఉంది.

చేనేత_కొట్టు: ఇలా కూర్చాను:

శీర్షిక: గద్వాల కాటన్ చీర, పట్టు అంచు, కొంగు, మెరూన్
ప్రత్యేకతలు: బాడీ మెత్తటి నూలు. అంచూ కొంగూ పట్టు, కుప్పడం నేత. వేడుకలకు అనువైనది.
కొలతలు, వివరాలు: చీర 5.5 మీటర్లు. బ్లౌజు ముక్క 0.8 మీటరు. పన్నా 47 అంగుళాలు. అంచు 5 అంగుళాలు. జరీ:
ఉతుకు, నిల్వ: డ్రై క్లీనింగ్ చేయించండి. జరీ మీద బట్ట వేసి ఇస్త్రీ చేయండి. నూలు బట్టలో చుట్టి దాచండి, అప్పుడప్పుడు మడత మార్చండి.

జరీ ఏ రకమో నేతగారిని అడగాలి.

అచ్చుతప్పు: తెలిసేదాకా ఖాళీగానే ఉంచండి. పక్క చీర చూసి "అసలు జరీ" అని నింపితే వెండి తీగ ఉందని చెప్పినట్టే. "వేడుకలకు అనువైనది" కూడా నా లెక్కలో ప్రత్యేకత కాదు. ఏ పట్టు అంచు చీర కాదు?

చేనేత_కొట్టు: అదొక్కటి ఉంచుతాను. "పెళ్ళికి కట్టుకోవచ్చా" అని అడిగేవాళ్ళే ఎక్కువ.

తేటతెలుగు: శీర్షికలో కాటన్, కింద నూలు. ఒక్క చీరకు రెండు పేర్లా?

పడుగుపేక: వెతికేవాళ్ళు కాటన్ అనే కొడతారు. కానీ మీ అభ్యంతరమూ న్యాయమే, నాకింకా తేలలేదు. "కొంగు, పల్లు" దగ్గరా ఇదే గొడవ.